మూత వేసి చూడాలి

మా తమ్ముడు ఆ పెట్టెను నా చేతిలో పెట్టగానే నాకు మొదట కలిగింది అనుమానమే. రెండు సబ్బుపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఉంది. బరువు కూడా అంతంతే.

"ఇదేనా కంప్యూటర్?" అన్నాను.

"మినీ పీసీ అక్కా. నీ ఇంట్లో మంచం వేస్తే కుర్చీకి చోటుండదు, కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు. పెద్ద టవర్ ఎక్కడ పెడతావు, బావ నెత్తిమీదా?"

వాడికి కంప్యూటర్ల దుకాణం ఉంది. అమ్ముతాడు, బాగుచేస్తాడు, రెండూ చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటాడు. నేను జ్వరాల వార్డులో నర్సుని. ఇరవై రెండేళ్ల నుంచి మనుషులు చెప్పేది వింటూ, థర్మామీటర్ చెప్పేది రాసుకుంటూ బతుకుతున్నాను. రెండూ కలిసే రోజులు తక్కువ.

"దీంట్లో ఆటలు ఆడొచ్చా? చిట్టికి కావలసింది అదే," అన్నాను.

చిట్టి మా అమ్మాయి. డిప్లొమా చివరి ఏడాది. ఐదుగురు అమ్మాయిల జట్టులో చేరింది, అందరూ ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఒకే ఆట ఆడతారు. పాత ల్యాప్‌టాప్ దానికి చాలడం లేదు.

"బ్రహ్మాండంగా ఆడొచ్చు," అన్నాడు తమ్ముడు. "ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండదు, ప్రాసెసర్‌లోనే ఉంటుంది. కరెంటు పెట్టె బయట పెట్టారు, అందుకే లోపల ఇంత చోటు మిగిలింది." బయట పెట్టిన ఆ అడాప్టర్ మాత్రం ఇటుకంత ఉంది.

"మరి ఇంత చిన్నదానికి వేడి ఎలా పోతుంది?"

"ఫ్యాన్ ఉంది కదక్కా. నువ్వు పేషెంట్లను చూసినట్టు ప్రతిదాన్నీ అనుమానంగా చూస్తావేంటి?"

సొంత తమ్ముడు. నోరు మూసుకుని తెచ్చుకున్నాను.

మొదటి వారం ఇంట్లో పండగలా ఉంది. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి రాగానే ఆ పెట్టె పక్కన నిలబడి "ఇంజన్ ఎక్కడుందే దీనికి?" అని అడిగేవారు. చిట్టి నవ్వేది. రెండో వారంలో నవ్వు ఆగిపోయింది.

ఒక సాయంత్రం నేను వార్డు నుంచి వచ్చేసరికి హెడ్‌ఫోన్ బల్ల మీద పడి ఉంది. స్పీకర్లోంచి ఒక అమ్మాయి గొంతు వస్తోంది. వాళ్ల కెప్టెన్. చిట్టికి జట్టులో పేరు మిణుగురు.

"మిణుగురూ, నేను సూటిగా అడుగుతున్నా. మనం ఓడిపోతున్నప్పుడే నీ కంప్యూటర్‌కి ఎందుకు రోగం వస్తుంది? మొన్న మధ్యలో వెళ్లిపోయావు. ఇవాళా వెళ్లిపోయావు. పది నిమిషాల్లో తిరిగొచ్చి శుభ్రంగా ఆడావు. ఆటలో ఓటమి నీ పేరు మీద పడకుండా తప్పించుకుంటున్నావని మిగతా వాళ్లు అంటున్నారు."

"అది కాదు అక్కా. స్క్రీన్ గిలగిల్లాడుతోంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ బాగుంటోంది."

"పోనీ, ఏ కంప్యూటరైనా పది నిమిషాలు బాగుండి, తర్వాత ఓడిపోయే టైం చూసుకుని పాడవుతుందా? శనివారం చివరిసారి. ఆ రోజు కూడా మధ్యలో పోయావంటే నీ చోటు ఇంకొకళ్లకి ఇస్తాను."

చిట్టి గోడవైపు చూస్తూ కూర్చుంది. నాకు దాని మీద జాలి కలగాల్సింది. కలిగింది కూడా, కానీ పక్కనే ఇంకొకటి ఉంది. పదో తరగతిలో లెక్కల పరీక్ష ముందురోజు దీనికి కడుపునొప్పి వచ్చింది. ఆరో తరగతిలో పరుగుపందెం రోజు కాలు బెణికింది. ఆ రెండుసార్లూ చూసినదాన్ని నేనే, నొప్పీ లేదు, వాపూ లేదు.

"నిజం చెప్పు, నాతోనైనా," అన్నాను.

"నీతో కూడానా అమ్మా!" అని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పెట్టె పట్టుకుని ఇద్దరం దుకాణానికి వెళ్లాం. తమ్ముడు స్టాండ్‌ మీద ఉన్న ఇంకో కంప్యూటర్ని పక్కకు జరిపి, "ఇటివ్వండి," అని తీసుకుని వెనక గదిలోకి వెళ్లాడు. మేం ముందు గదిలో ఏసీ కింద కూర్చున్నాం. అరగంట తర్వాత బయటికొచ్చాడు.

"అరగంట సేపు ఎక్కడా ఆగకుండా ఆడింది. సెకనుకి తొంభై ఫ్రేములు. అంటే స్క్రీన్ మీద బొమ్మ సెకనుకి తొంభైసార్లు గీస్తోంది. డెబ్భై ఎనిమిది డిగ్రీలు దాటలేదు. దీనికేం రోగం లేదు." తర్వాత చిట్టి వినకుండా నా చెవి దగ్గర, "అమ్మాయికి కొంచెం పెద్ద మెషిన్ మీద మనసైనట్టుంది. పిల్లలంతే," అన్నాడు.

దారి పొడుగునా నేనొక్క మాట మాట్లాడలేదు. చిట్టి కూడా మాట్లాడలేదు. అదే నన్ను ఎక్కువ గుచ్చింది. అబద్ధమైతే ఏదో ఒకటి చెప్పుకొస్తుంది, అది దాని అలవాటు.

రాత్రి అన్నాల దగ్గర మా ఆయన అన్నారు, "చూడకుండా తీర్పు చెప్పకు. బస్సు డిపోలో నిలబెట్టి ఇంజన్ తిప్పితే బాగానే ఉంటుంది. ఘాట్ ఎక్కితే కదా తెలిసేది."

మర్నాడు ఉదయం షిఫ్టు ముగించుకుని మూడింటికి వచ్చాను. వార్డు నుంచి ఒక చార్టు కాగితం తెచ్చాను, నిలువు గళ్లూ అడ్డం గళ్లూ ఉన్నది, మేం జ్వరం గీసేది.

"ఆడు," అన్నాను. "నేను పక్కన కూర్చుంటాను."

చిట్టి నా వైపు ఒకసారి చూసింది. తర్వాత ఏదో నొక్కింది, స్క్రీన్ మూలన చిన్న అంకెలు వచ్చాయి. ప్రాసెసర్ వేడి ఎంత, అది ఎన్ని వాట్ల కరెంటు తింటోంది, సెకనుకి ఎన్ని ఫ్రేములు. "అమ్మా, ఇవి నేను దిద్దలేను. కావాలంటే ఎక్కడైనా అడుగు," అంది. ఆ మాటలో కారం ఎక్కువే ఉంది. పట్టించుకోకుండా చార్టు మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను.

మొదలుపెట్టినప్పుడు అరవై ఒకటి డిగ్రీలు, అరవై ఐదు వాట్లు, తొంభై రెండు ఫ్రేములు. మూడు నిమిషాలకి డెబ్భై తొమ్మిది. ఆరు నిమిషాలకి ఎనభై ఎనిమిది. ఫ్యాన్ అప్పటికే ఏడుపు లంకించుకుంది. తొమ్మిదికి తొంభై మూడు. వాట్లు అంతవరకూ అరవై ఐదు దగ్గరే ఉన్నాయి, ఫ్రేములు తొంభై దగ్గరే ఉన్నాయి. జ్వరం పెరుగుతున్నా పేషెంటు కబుర్లు చెబుతున్నట్టు ఉంది.

పన్నెండో నిమిషంలో తొంభై ఐదు డిగ్రీలకి చేరింది. ఇక అక్కణ్నుంచి పెరగలేదు. పెరగకుండా వాట్లు పడ్డాయి. యాభై రెండు, నలభై, ముప్ఫై నాలుగు. ఫ్రేములు నలభైకి పడ్డాయి, మధ్యమధ్య పద్దెనిమిదికి. స్క్రీన్ మీద మా అమ్మాయి మనిషి పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఆగిపోయి, తర్వాత ఎక్కడో తేలింది. అక్కడ ఎవరో కాల్చేశారు.

"ఇదీ," అంది చిట్టి, చేతులు తీసేసి. "ఇలా అయ్యాక గెలవడం ఎవడి వల్ల అవుతుంది?"

నాకప్పుడు అర్థమైంది. కెప్టెన్ అన్న మాట తలకిందులు. ఓడిపోతున్నప్పుడు కంప్యూటర్‌కి రోగం రావడం లేదు. రోగం వచ్చినందువల్ల ఓడిపోతున్నారు. రీస్టార్ట్ చేసిన కాసేపట్లో అది చల్లబడుతుంది, మళ్లీ పది నిమిషాలు ఆరోగ్యంగా ఉంటుంది. అది చూసినవాళ్లకి ఇది నాటకంలాగే కనిపిస్తుంది. నాకూ కనిపించింది.

"ఇంకోసారి," అన్నాను.

చల్లబడనిచ్చి ఇంకోసారి ఆడింది. పదమూడో నిమిషం. మూడోసారి గెలుస్తూ ఉండగానే వచ్చింది, మళ్లీ పన్నెండుకి. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గెలుపోటములతో దానికి సంబంధమే లేదు.

అంతే, నా అనుమానం అమ్మాయి మీది నుంచి దిగి నేరుగా తమ్ముడి మీద కూర్చుంది. అదే పెట్టె అక్కడ డెబ్భై ఎనిమిది, ఇక్కడ తొంభై ఐదు. ఎవరో వాపసు ఇచ్చిన పెట్టెను నాకు అంటగట్టాడా? వెనక గదిలోకి తీసుకెళ్లి అసలు ఆన్ చేశాడా? వాడికి చిన్నప్పుడు కూడా పళ్లు తోముకోకుండా బ్రష్ తడిపి వచ్చే అలవాటుండేది.

శుక్రవారం చార్టు సంచిలో పెట్టుకుని, పెట్టె పట్టుకుని నేనొక్కదాన్నే వెళ్లాను.

"మళ్లీ ఏమొచ్చిందక్కా?"

"ఏమీ రాలేదు. నువ్వు మొన్న ఎలా చూశావో అలాగే ఇంకోసారి చూడు. నేను పక్కన కూర్చుంటాను."

"వెనక గదిలో దుమ్మక్కా."

"వార్డులో రక్తం తుడిచే మనిషిని, నీ దుమ్ముకి భయపడతానా? పద."

వెనక గదిలోనూ ఏసీ నడుస్తోంది. వాడు పెట్టెను బల్ల మీద బోర్లా పడుకోబెట్టాడు. స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. నాలుగు స్క్రూలు విప్పి అడుగు మూత పక్కన పెట్టాడు. లోపల అరచేతిలో సగం ఉన్న ఫ్యాన్, దాని కింద రాగి గొట్టాలూ రేకులూ ఇప్పుడు ఆకాశం వైపు చూస్తున్నాయి. తీగలు తగిలించి ఆట మొదలుపెట్టాడు.

"మూత ఎందుకు తీశావు?"

"చూడడానికి. లోపల ఏదైనా వదులైతే తెలుస్తుంది కదా. మేమంతా ఇలాగే చూస్తాం."

"అందరివీ?"

"అందరివీ."

"తమ్ముడూ, ఒక మాట చెప్పు. చొక్కా విప్పించి, ఏసీ కింద బోర్లా పడుకోబెట్టి, పైన ఫ్యాన్ వేసి, జ్వరం లేదని రాస్తే నన్ను ఉద్యోగంలో ఉంచుతారా?"

వాడు నవ్వబోయి ఆగాడు. నేను చార్టు పరిచాను. వాడు వంగి చూశాడు. మొదటి గీత చూశాడు, రెండోది చూశాడు. మాట్లాడడం ఆపాడు, అది వాడి జీవితంలో మొదటిసారి కావొచ్చు.

"ఇది గాలి పీల్చేది అడుగు నుంచే కదా?" అన్నాను.

"అడుగు నుంచే. మూతకి చిల్లులుంటాయి. కింద రబ్బరు కాళ్లు..." అని మూత తిప్పి చూశాడు. ఆ కాళ్లు పప్పుగింజంత మందం కూడా లేవు. చిల్లులు సూది మొనలంత. "మూత వేసి బల్ల మీద పెడితే పీల్చేది కొంచెమే. మీ ఇంట్లో ఏసీ లేదు కదా."

"ముప్ఫై రెండు డిగ్రీలుంటుంది గది."

"ఇక్కడ ఇరవై మూడు." వాడు తల గోక్కున్నాడు. "అక్కా, ఒట్టు. ఇది కొత్తదే. నేను నిన్ను మోసం చేయలేదు."

"మోసం చేశావని అనుకున్నాను," అన్నాను. "చేసుంటే బాగుండేది. సరిగ్గా చూడకుండా మా అమ్మాయినే దొంగని చేశావు."

ఆ మాట వాడికి తగిలింది. వాడి కంటే ముందు ఆ పని నేనే చేశానని వాడికి తెలియదు, నేను చెప్పలేదు కూడా.

మూత బిగించాడు. ఏసీ ఆపాడు, కిటికీ తెరిచాడు. పెట్టెను మామూలుగా నిలబెట్టి మళ్లీ ఆట పెట్టాడు. గది వేడెక్కేదాకా ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. పద్దెనిమిదో నిమిషానికి తొంభై ఐదు వచ్చింది. వాట్లు పడ్డాయి. "ఇన్నాళ్లూ పది మందికి చెప్పాను," అన్నాడు మెల్లగా, "మీ వాడకంలోనే తప్పుందని."

"ఇప్పుడు దీన్ని ఏం చేద్దాం? రేపే ఆట."

వాడు రీస్టార్ట్ చేసి, ఒక బటన్ నొక్కి పట్టుకుని, నీలం రంగు తెర ఒకటి తెరిచాడు. "ప్రాసెసర్ ఎంత కరెంటు తినొచ్చో ఇక్కడ మూడు రకాలుంటాయి. ముప్ఫై ఐదు వాట్లు, నలభై ఐదు, అరవై ఐదు. అమ్మేటప్పుడు నేను అరవై ఐదులో పెట్టి ఇస్తాను. అంకెలు పెద్దగా వస్తాయి, కొనేవాళ్లు మురిసిపోతారు."

"ఈ చిన్న ఫ్యాన్ అరవై ఐదు వాట్ల వేడిని తోయలేదు. అంతేనా?"

"పది నిమిషాలు తోస్తుంది. తర్వాత తోయలేక, కాలిపోకుండా అదే తగ్గించుకుంటుంది. అలా తగ్గించుకునేటప్పుడే గిలగిల. ముందే నలభై ఐదులో పెడితే ఆ బాధ ఉండదు. అరవై ఐదుకీ నలభై ఐదుకీ ఫ్రేముల్లో తేడా తక్కువే, వేడిలోనే ఎక్కువ."

నలభై ఐదు పెట్టాడు. ఆటలో ఫ్రేములు అరవై దాటకుండా కట్టేశాడు, నీడలూ పొగలూ తక్కువ రకంలో పెట్టాడు. అడుగున ఇంకా ఎత్తైన రబ్బరు కాళ్లు నాలుగు అంటించాడు. కిటికీ తెరిచిన గదిలోనే గంటన్నర నడిపించాం. ఎనభై నాలుగు దగ్గర ఆగింది. ఫ్రేములు అరవై, గీత గీసినట్టు.

"అంటే ఆడొచ్చన్నమాట," అన్నాను.

"ఆడొచ్చు. నేను చెప్పినంత కాదు." స్క్రూడ్రైవర్ పక్కన పెడుతూ, "పెద్ద కార్డున్న టవర్ చేసే పని ఇది చెయ్యదక్కా. కొత్తగా వచ్చే బరువైన ఆటలకి అస్సలు పనికిరాదు. ఆ రోజే చెప్పి ఉండాల్సింది," అన్నాడు.

ఇంటికొచ్చాక చార్టు ఫొటో తీసి కెప్టెన్‌కి పంపమన్నాను. చిట్టి పంపింది. అరగంటకి జవాబు వచ్చింది: కాగితం మీద ఎవరైనా గీస్తారు. రేపు ఆట మొత్తం నీ స్క్రీన్ మాకు కనిపించాలి, ఆ అంకెలతో సహా.

చిట్టికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ కెప్టెన్ నచ్చింది. నేనైనా అదే అడిగేదాన్ని.

శనివారం మధ్యాహ్నం నాలుగింటికి మొదలైంది. కిటికీ తెరిచి, టేబుల్ ఫ్యాన్ గోడవైపు తిప్పి పెట్టాను, పెట్టె వెనక వేడి గాలి అక్కడే తిరగకుండా. మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు, ఎందుకో చెప్పులు విప్పకుండా. నేను స్టూలు వేసుకుని అంకెల మూల మీద కళ్లు పెట్టాను.

పన్నెండో నిమిషం. ఎనభై ఒకటి. పదమూడు. పద్నాలుగు. ఎనభై రెండు. చిట్టి భుజాలు ఇంకా బిగుసుకునే ఉన్నాయి, పాత చెక్క వంతెన మీద నడిచే మనిషిలా, ఎప్పుడు విరుగుతుందోనని. ఇరవై దాటాక కొంచెం కిందికి దిగాయి. నలభై నిమిషాలకి మొదటి ఆట గెలిచారు. రెండోది కూడా గెలిచారు.

మూడోదాంట్లో ఓడిపోవడం మొదలైంది. ఒక్కొక్కరే పోతున్నారు. స్పీకర్లో కెప్టెన్ ఊపిరి కూడా వినిపిస్తోంది. నేను అంకెల వైపు చూశాను. ఎనభై నాలుగు, నలభై ఐదు, అరవై. అందరం దానివైపే చూస్తున్నామని నాకు తెలుసు, ఎక్కడో నాలుగు ఇళ్లలో ఉన్నవాళ్లతో సహా.

చిట్టి మనిషి ఒక తలుపు దాటింది. పక్కనుంచి ఎవరో కాల్చారు. పడిపోయింది. ఆట అయిపోయింది.



"మిణుగురూ," అంది కెప్టెన్. "అదేంటి?"

చిట్టి స్క్రీన్ మూలకి చూసింది. అరవై. ఆ అంకె ఇరవై ఉండి ఉంటే చెప్పడానికి ఒక మాట ఉండేది.

"నా తప్పే. కుడివైపు చూడకుండా తలుపు దాటాను. మెషిన్ బానే ఉంది."

"ఊఁ." అటువైపు ఎవరో నవ్వారు, కెప్టెన్ వాళ్లని ఊరుకోమంది. "ఆ తలుపు దగ్గర నేనూ రెండుసార్లు చచ్చాను. మంగళవారం ప్రాక్టీస్‌కి ఐదింటికల్లా రా. ఈ అంకెలు ఇక చూపించక్కర్లేదు."

మా ఆయన "హమ్మయ్య" అని అప్పుడు చెప్పులు విప్పారు. టీ పెడతానని వంటింట్లోకి వెళ్లారు.

చిట్టి కుర్చీ నా వైపు తిప్పింది. ముఖం ఎర్రగా ఉంది, కళ్లు మెరుస్తున్నాయి, కానీ నవ్వడం లేదు.

"ఆవిడ నమ్మింది. నువ్వు?"

"చూశాను కదే."

"చూడకముందు?"

ఏదైనా చెప్పొచ్చు. వార్డులో రోజుకి ఇరవై అబద్ధాలు చెబుతాను, తగ్గిపోతుందమ్మా, భయం లేదయ్యా అని. ఇది మాత్రం ఎదురుగా కూర్చుని ఉంది.

"నమ్మలేదు," అన్నాను. "నాకూ నాటకమనే అనిపించింది."

"తెలుసు," అంది. వేళ్లతో కీబోర్డు అంచు రుద్దింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను, ఆ రోజులాగే. వెళ్లలేదు. స్టూలు కాలుని తన కాలితో లాగింది, నన్ను బల్లకి ఇంకొంచెం దగ్గరగా.

"రెండు గంటలసేపూ ఆ మూలకే చూశావు. ఇందులో నేనేం చేస్తానో కూడా నీకు తెలియదు," అంది. "ఇంకో ఆట ఆడతాను. చూస్తావా? చెబుతాను."

చూస్తానన్నాను.